మే నెలలో మూడంతస్తుల పెళ్లి కేక్: నా అనుభవం

మాది తాడేపల్లిగూడెం. ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతాను. మొదట్లో అన్నీ పుట్టినరోజు కేకులే, అర కిలో నుంచి రెండు కిలోల దాకా. ఎండాకాలంలో కూడా ఒక్కటీ పాడవలేదు. ఎందుకు పాడవలేదో అప్పట్లో ఆలోచించలేదు. పుట్టినరోజు కేక్ మన ఫ్రిజ్‌లోంచి డబ్బాలోకి, డబ్బాలోంచి వాళ్ల ఫ్రిజ్‌లోకి వెళ్తుంది. బయటికి తీసిన పది నిమిషాల్లో పాట పాడేసి కోసేస్తారు. అంటే నా చేతి కేక్ బయటి వేడిలో గంటసేపు నిలబడటం నేను ఎప్పుడూ చూడనే లేదు. పెళ్లి కేక్‌కి అసలు పని అలా నిలబడటమే.

భీమవరం నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. తమ్ముడి రిసెప్షన్ మే నెలలో ఉందన్నారు. మూడంతస్తులు, తెలుపు మీద లేత గులాబీ రంగు క్రీమ్ పువ్వులు, మొత్తం ఎనిమిది కిలోలు. కింద 12 అంగుళాలది పైనాపిల్, మధ్యలో 9 అంగుళాలది బటర్‌స్కాచ్, పైన 6 అంగుళాలది చాక్లెట్. పై అంతస్తు ఎగ్‌లెస్ కావాలన్నారు, వాళ్ల నాయనమ్మగారు గుడ్డు తినరట. కిలో 950 చొప్పున 7,600 అయింది, 2,500 అడ్వాన్స్ పంపారు. ఫ్లేవర్ల గురించి, రంగు గురించి, పేర్లు ఎలా రాయాలన్న దాని గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. హాలు ఏసీదా, లాన్‌లోనా అన్న మాట మాత్రం మా ఇద్దరి మధ్యా రాలేదు.

స్పాంజ్‌లు ముందు రోజు చేసేశాను. నాన్-డెయిరీ విప్పింగ్ క్రీమ్ రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనిచ్చి, గిన్నె కింద ఐసు పెట్టి బీట్ చేశాను. ఒక్కో అంతస్తుకీ విడిగా క్రీమ్ పట్టించి చల్లబరిచాను. మధ్యాహ్నం నాలుగింటికి మూడూ ఒకదాని మీద ఒకటి ఎక్కించి పువ్వులు పెట్టేసరికి చాలా బాగా వచ్చింది. మావారు ఫొటోలు తీశారు. కారులో ఏసీ బాగా పెంచి, కేక్ వెనక సీటు ముందు కాళ్ల దగ్గర చదునుగా ఉండేలా అట్ట సర్ది, స్పీడ్ బ్రేకర్ల దగ్గర మెల్లగా పోనిస్తూ గంటకు పైనే పట్టినా క్షేమంగా చేరాం.

తీరా వెళ్తే అది పూర్తిగా లాన్. స్టేజీ మీద పూల డెకరేషన్, దానికి రెండు వైపులా పెద్ద పెద్ద ఫోకస్ లైట్లు. కేక్ టేబుల్‌ని సరిగ్గా ఒక లైటు కిందే వేశారు. ఆరున్నరకి కేక్ అక్కడ పెట్టాను. ఏడున్నరకి కటింగ్ అన్నారు. ఎండ పోయింది కదా, చల్లబడుతుందిలే అనుకున్నాను. మే నెలలో మా వైపు రాత్రి చల్లబడదు. ఎండ పోయాక గాలి కూడా ఆగిపోయి ఉక్కపోత మొదలవుతుంది.

ఏడున్నరకి పెళ్లికూతురు ఇంకా మేకప్ గదిలోనే ఉంది. ఎనిమిదింటికి కింది అంతస్తు చుట్టూ వేసిన ముత్యాల బోర్డర్ మెరుపు పోయి పాలిపోయింది. ముత్యాలు ఒక్కొక్కటీ గుండ్రం తగ్గి పక్కదానికి అతుక్కుంటున్నాయి. బోర్డు మీద, కేక్ అడుగు చుట్టూ సన్నగా నీటి గీత కనిపించింది. తర్వాత మధ్య అంతస్తు మోపిన చోట, కింది కేక్ పక్క గోడ కొంచెం బయటికి ఉబ్బింది. ఈ మూడూ ఆ వరుసలోనే వస్తాయని ఇప్పుడు తెలుసు. బోర్డర్ మెరుపు పోయినప్పుడే కేక్ తీసేస్తే కాపాడుకోవచ్చు. నీరు కనిపించిందంటే క్రీమ్ లోపల పట్టు వదిలేసినట్టే. పక్క ఉబ్బిందంటే ఇక నిమిషాలే ఉన్నట్టు.

నేను స్టేజీ ఎక్కి కేక్ లోపలికి తీసుకెళ్తానంటే వద్దన్నారు, ఇప్పుడే వచ్చేస్తున్నారన్నారు. తొమ్మిది కావస్తుండగా మధ్య అంతస్తు ఒక వైపుకి జారింది. పడిపోలేదు, వాలింది. పైనున్న చాక్లెట్ కేక్ దానితో పాటు వాలి, కింది కేక్ అంచుని చీల్చుకుంటూ టేబుల్ మీదికి వచ్చింది. ముందు వరసలో కూర్చున్న వాళ్లందరూ చూస్తూనే ఉన్నారు.

ఐస్‌క్రీమ్ కౌంటర్ దగ్గరున్న పెద్దాయన పరుగున వచ్చి, "అమ్మా, ముందు నా ఫ్రీజర్‌లో పెట్టండి, తర్వాత చూసుకుందాం" అన్నారు. ఆయన మూత తీసి రెండు ఐస్‌క్రీమ్ టబ్బులు బయట పెట్టేస్తే, ఆ చోటులో చాక్లెట్ కేక్ పెట్టి, బటర్‌స్కాచ్‌ని పక్క ఫ్రీజర్‌లోకి చేర్చాను. ఇరవై నిమిషాల్లో పైపైన గట్టిపడ్డాయి. పాలెట్ నైఫ్‌తో పాడైన క్రీమ్ గీసేసి, ఉన్నంతలో నున్నగా చేసి, రెండు కేకులూ రెండు స్టాండ్ల మీద పక్కపక్కన పెట్టాను. పూలు వాళ్ల డెకరేషన్‌లోవే అడిగి బోర్డు చుట్టూ పేర్చాను. కేక్ మీద పెట్టలేదు, ఆ పూలకి ఏ మందు కొట్టారో తెలియదు కదా. జంట కటింగ్ అయిపోయింది. పైనాపిల్ కేక్ నాలుగున్నర కిలోలూ ఎవరూ తినకుండానే పోయింది. పంచడానికి వాళ్లు లెక్క వేసుకున్న కేక్ అదే.

మిగతా డబ్బు తీసుకోనన్నాను. ఆ అక్కయ్యగారు కోప్పడలేదు. "డబ్బులు కాదండి, మా వాళ్లు మొన్నటి నుంచీ ఆ కేక్ దగ్గర ఫొటోలు దిగుదామనుకున్నారు. ఇప్పుడు ఆల్బమ్‌లో ఆ పేజీయే ఉండదు" అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ రాత్రి ఇంటికి తెచ్చిన పైనాపిల్ కేక్‌ని పారేసే ముందు నిలువునా కోసి చూశాను. అది చేయడం చాలా మంచిదైంది. ఎందుకంటే అందరూ అనుకున్నట్టు కేక్ ఎండకి కరిగిపోయి పడలేదు. లోపల మధ్య అంతస్తుకి ఆధారంగా గుచ్చిన లావు మిల్క్‌షేక్ స్ట్రాలు కనిపించాయి. ఒక్కటీ విరగలేదు, నలగలేదు. అన్నీ ఒకే వైపుకి వాలి ఉన్నాయి, అన్నీ ఒకే కోణంలో.

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మొత్తం సంగతి ఇక్కడే ఉంది. అంతస్తుల కేక్‌లో పై కేక్ బరువు కింది స్పాంజ్ మోయకూడదు. పై కేక్ అడుగున దాని సైజు బోర్డు ఉంటుంది. ఆ బోర్డు కింది కేక్‌లో గుచ్చిన పుల్లల మీద ఆనుతుంది. బరువంతా బోర్డు నుంచి పుల్లల్లోకి, పుల్లల నుంచి అడుగు పలకలోకి దిగిపోతుంది. స్పాంజ్ పని ఆ పుల్లలని నిటారుగా పట్టుకోవడం. నేను బోర్డు పెట్టాను, స్ట్రాలూ పెట్టాను. కానీ వాటిని పట్టుకోవాల్సిన స్పాంజ్ పైనాపిల్ రసంతో, షుగర్ సిరప్‌తో మెత్తగా ఉంది. పొరల మధ్య ఉన్నది ముక్కలు కలిపిన క్రీమ్. చల్లగా ఉన్నంతసేపూ ఆ క్రీమ్ గట్టిగా పట్టుకుంది. వేడెక్కగానే వదిలేసింది. అప్పుడు మూడున్నర కిలోల బరువు నెత్తిన పెట్టుకుని స్ట్రాలు వాలిపోయాయి. పైగా మూడు అంతస్తుల గుండా పై నుంచి కింద పలక దాకా దిగే నడిమి కర్ర నేను పెట్టనే లేదు. అది ఉంటే బోర్డర్ కరిగేదేమో, ఉబ్బేదేమో, కానీ కేక్ పక్కకి జారేది కాదు.

క్రీమ్ ఎందుకు వదిలేస్తుందో కూడా తెలుసుకోవాలి. విప్ చేసిన క్రీమ్ అంటే చిన్న చిన్న గాలి బుడగలు, వాటి చుట్టూ గట్టిపడిన కొవ్వు. చల్లదనమే ఆ కొవ్వుని గట్టిగా ఉంచేది. వేడి తగలగానే కొవ్వు మెత్తబడుతుంది, గాలి పోతుంది, లోపల పట్టి ఉంచిన నీరు బయటికి వస్తుంది. బోర్డు మీద నాకు కనిపించిన నీటి గీత అదే. నాన్-డెయిరీ క్రీమ్ పాల క్రీమ్ కంటే ఎక్కువసేపు ఓర్చుకుంటుంది నిజమే, కానీ మే నెల లాన్‌లో గంటల తరబడి ఓర్చుకోదు. ఎంత బాగా బీట్ చేసినా ఓర్చుకోదు. ఇందులో చేతి నైపుణ్యం పనికిరాదు.

ఆ తర్వాత వారం ఆర్డర్లు తీసుకోకుండా పరీక్ష చేశాను. చిన్న స్పాంజ్‌లు నాలుగు చేసి, ఒకదానికి విప్పింగ్ క్రీమ్, ఒకదానికి బటర్‌క్రీమ్, ఒకదానికి వైట్ చాక్లెట్‌ని వేడి క్రీమ్‌తో కలిపి చేసే గనాష్ అనే పూత, ఇంకోదానికి డార్క్ చాక్లెట్‌తో చేసిన గనాష్ పట్టించి, అన్నీ ఒకేలా చల్లబరిచి సాయంత్రం డాబా మీద పెట్టాను. పక్కన గది థర్మామీటర్ పెట్టాను. 34 డిగ్రీలు చూపించింది. అరగంటకొకసారి వెళ్లి ఫొటో తీశాను.

అరగంటకి క్రీమ్ మెరుపు పోయింది, గంటకి అంచు జారింది. బటర్‌క్రీమ్ దాదాపు దాని వెనకే వెళ్లింది. అది సహజమే, వెన్న కరిగేదే 32, 35 డిగ్రీల మధ్య. చల్లటి దేశాల వీడియోల్లో బటర్‌క్రీమ్ పువ్వులు రోజంతా నిలబడటం చూసి మన లాన్‌లో నిలబడతాయని అనుకోకూడదు. వైట్ గనాష్ పైన కొంచెం మెత్తబడింది, వేలు పెడితే అచ్చు పడింది, కానీ ఆకారం చెడలేదు. డార్క్ గనాష్ రెండున్నర గంటల తర్వాత కూడా అంచులు పదునుగానే ఉన్నాయి.

గనాష్‌లో చాక్లెట్ ఎంత ఎక్కువైతే అంత గట్టి. ఎండాకాలానికి నేను ఇప్పుడు వాడే కొలత డార్క్‌కి రెండు వంతుల చాక్లెట్‌కి ఒక వంతు క్రీమ్, వైట్‌కి నాలుగు వంతులకి ఒక వంతు. అంటే కిలో వైట్ చాక్లెట్‌కి పావు కిలో క్రీమ్. వైట్ చాక్లెట్ సహజంగానే మెత్తన, అందుకే అంత తేడా. కాంపౌండ్ చాక్లెట్‌నే వాడతాను. అందులో కోకో బటర్ బదులు వేరే కొవ్వు ఉంటుంది. రుచిలో అసలు చాక్లెట్‌కి తగ్గుతుంది, ఆ మాట కస్టమర్‌కి ముందే చెబుతాను. గనాష్ చేసిన రోజే పూయకూడదు. రాత్రంతా గది వేడిలో మూత పెట్టి వదిలేస్తే పొద్దుటికి వేరుశనగ వెన్నలా కత్తికి పట్టే స్థితికి వస్తుంది. అప్పుడు పూస్తే గోడలు నిటారుగా వస్తాయి.

స్పాంజ్ కూడా మార్చాను. కింది అంతస్తుకి ఇక పైనాపిల్ లేదు, పండ్ల ముక్కలు ఏవీ లేవు. వెన్న వేసి చేసిన గట్టి వెనీలా గానీ చాక్లెట్ గానీ, మధ్యలో గనాష్. సిరప్ బ్రష్‌తో ఒక్కసారి పైపైన తడపడమే, పోయడం లేదు. పండ్ల ఫిల్లింగ్ కావాలంటే పై అంతస్తులోనే, దాని మీద ఏ బరువూ ఉండదు కాబట్టి. స్ట్రాల బదులు డోవెల్స్ అనే చెక్క పుల్లలు వాడుతున్నాను. కేక్ చల్లగా ఉన్నప్పుడు ఒకటి గుచ్చి, కేక్ ఎత్తు దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి, మిగతావన్నీ దానితో సమానంగా కోస్తాను. ఒక్కొక్కటీ విడిగా కొలిస్తే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయి పై బోర్డు ఊగుతుంది. తర్వాత నడిమి కర్ర. అడుగు పలక అట్టది కాకుండా ప్లైవుడ్ ముక్క వేయించుకున్నాను. అంతస్తులు ఎక్కించడం ఇంట్లో కాదు, హాల్లోనే. మూడు కేకులు మూడు పెట్టెల్లో వెళ్తాయి.

ఆ పెట్టెలు మా వైపు సులభంగా దొరుకుతాయి. రొయ్యలు ప్యాక్ చేసి పంపే థర్మోకోల్ పెట్టెలు పెద్ద సైజులవి భీమవరంలో కొత్తవి కొనుక్కోవచ్చు. అడుగున జెల్ ప్యాకులు పరిచి, మీద అట్ట వేసి కేక్ పెడతాను. కారు ఏసీ కేక్‌ని చల్లగా ఉంచుతుందనుకుంటాం గానీ, వెనక కాళ్ల దగ్గరికి ఆ గాలి సరిగా చేరదు.

ఇంత చేసినా మార్చి నుంచి జూన్ దాకా లాన్‌లో మూడంతస్తుల అసలు కేక్ చేయను. గనాష్ రెండు గంటలు నిలబడుతుంది, కటింగ్ మూడు గంటలు ఆలస్యమైతే ఏం చేస్తాం? అందుకని ఇలాంటి చోట కింది రెండు అంతస్తులూ థర్మోకోల్ డమ్మీలు, పై అంతస్తు ఒక్కటే అసలు కేక్. పంచడానికి కావలసిన కేక్ విడిగా ట్రేల్లో వెళ్తుంది. పెద్ద బేకరీలు ఎప్పటి నుంచో చేసేదే ఇది. ఇంట్లో చేసేవాళ్లం మాత్రం, అంతా తినే కేకే అయితేనే నిజాయితీ అనుకుని మొహమాటపడతాం. కస్టమర్లూ అడుగుతారు, "తినని థర్మోకోల్‌కి డబ్బులెందుకండీ?" అని. నేను రెండు ఫొటోలు పంపిస్తాను. ఒకటి డాబా మీద గంటకి జారిన క్రీమ్ కేక్‌ది, ఒకటి డమ్మీ కేక్‌ది. ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఒప్పుకోని వాళ్లకి ఏసీ హాలు ఉంటేనే చేస్తానని చెప్పేస్తాను. అలా పోయిన ఆర్డర్లు ఉన్నాయి.

ఆ మరుసటి ఏప్రిల్‌లో తణుకులో చేసిన రిసెప్షన్ లెక్క ఇక్కడ రాస్తాను, పని ఎలా నడుస్తుందో తెలుస్తుంది. అది కూడా లాన్. కేక్ తినేవాళ్లు 150 మంది అన్నారు. భోజనం తర్వాత మనిషికి 50 గ్రాముల ముక్క చాలు. ఏడున్నర కిలోలు లెక్క వచ్చింది, ఎనిమిది చేశాను. రెండు కిలోల ట్రేలు నాలుగు, ఒక్కో ట్రేకి నలభై ముక్కలు ముందే గీతలు పెట్టి ఉంచాను. ఇవి మామూలు వెనీలా క్రీమ్ కేకులే, ఒక్క పొర. స్టేజీ ఎక్కవు కాబట్టి క్రీమ్ అయినా ఇబ్బంది లేదు. కేటరర్‌తో ముందే మాట్లాడి ఐస్‌క్రీమ్ పెట్టెల్లో ఒకటి ఖాళీగా ఉంచమన్నాను. వడ్డించేటప్పుడు ఒక్కో ట్రే బయటికి వస్తుంది, ఖాళీ అయ్యాకే ఇంకోటి. ఆ వేడిలో క్రీమ్ కేక్ గంటకు మించి బయట ఉంచను. చూడటానికి బాగున్నా తినడానికి మంచిది కాదు.

డమ్మీలు 12 అంగుళాలదీ 9 అంగుళాలదీ మూడు రోజుల ముందే ఫాండెంట్‌తో, అంటే పలచగా ఒత్తిన పంచదార ముద్దతో కప్పేశాను. పెద్దదానికి కిలోన్నర దాకా పట్టింది. థర్మోకోల్‌ని కొంచెం నీటితో తడిపి కప్పితే అతుక్కుంటుంది. ఫాండెంట్ కప్పిన దాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. బయటికి తీయగానే తేమంతా దాని మీద చేరి చెమట పట్టి జిగటవుతుంది, రంగులు కారతాయి. ఏసీ గదిలో ఆరనిస్తే చాలు. ఇంకో సంగతి, డమ్మీకి బరువు ఉండదు. స్టేజీ పక్కన పెడస్టల్ ఫ్యాన్ తిప్పితే ఎగిరిపోయేంత తేలిక. ప్లైవుడ్ పలకకి అంటించి, నడిమి కర్ర పలకలోకి స్క్రూ వేయించాను.

పైన 6 అంగుళాల చాక్లెట్ కేక్, డార్క్ గనాష్. ప్రయాణమంతా జెల్ ప్యాకుల పెట్టెలో ఉంది. హాలు చేరగానే పెళ్లికూతురు గదిలో, ఏసీ 24లో, పెట్టె మూత తీయకుండానే ఉంచాను. చల్లటి కేక్‌ని ఒక్కసారిగా ఉక్కపోతలోకి తీస్తే గనాష్ మీద నీటి చుక్కలు పడతాయి. మూత ఉన్న పెట్టెలోనే గది వేడికి వస్తే ఆ తేమ పెట్టె మీద పడుతుంది, కేక్ మీద కాదు. ఒకవేళ చుక్కలు పడినా తుడవకూడదు, టిష్యూ కాగితం మెల్లగా ఆనించి తీసేయాలి. తుడిస్తే మచ్చలు పడతాయి.

కటింగ్ ఏడున్నరకన్నారు. నేను ఇంటివాళ్లని నమ్ముకోలేదు. వాళ్లకి ఆ రోజు గడియారం తెలియదు పాపం, వచ్చిన వాళ్లని పలకరించడమే సరిపోతుంది. కటింగ్ ఎప్పుడో నిజంగా తెలిసేది ఫొటోగ్రాఫర్‌కి. జంట ఫొటోలు, బంధువుల వరస ఫొటోలు ఎన్ని మిగిలాయో ఆయన చేతిలోనే ఉంటుంది. చేరగానే ఆయన నంబరు తీసుకుని, "అన్నా, కేక్‌కి పావుగంట ముందు నాకు ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వండి చాలు" అన్నాను. టేబుల్ మీదున్న లైటు పక్కకి తిప్పమని డెకరేషన్ వాళ్లనీ అడిగాను, వెంటనే తిప్పారు. భీమవరంలో కూడా అడిగి ఉంటే తిప్పేవాళ్లే.

మిస్డ్ కాల్ తొమ్మిది దాటాక వచ్చింది. అప్పటిదాకా స్టేజీ మీద డమ్మీలు, వాటి ముందు జనం ఫొటోలు దిగుతూనే ఉన్నారు. పై అంతస్తు ఉండాల్సిన చోట చిన్న పూల గుత్తి పెట్టాను, ఎవరికీ తేడా తెలియలేదు. కేక్ తెచ్చి నడిమి కర్ర మీద దించడానికి రెండు నిమిషాలు పట్టింది. 9:15కి కోశారు. వెనక నుంచి ట్రేలు బయటికి వచ్చాయి. పెళ్లికొడుకు తల్లిగారు మాత్రం కింది అంతస్తు కూడా కోయబోయారు. ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆ మాట ఆర్డర్ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, కటింగ్ ముందు జంటకి నేనే స్వయంగా చెబుతున్నాను.

ఆ బిల్లు ఇలా వేశాను. తినే కేక్ తొమ్మిది కిలోలు, కిలో వెయ్యి చొప్పున 9,000. డమ్మీలు రెండు, 3,000. తీసుకెళ్లి హాల్లో అమర్చడానికి 1,500. మొత్తం 13,500. స్టాండు, పలక, డమ్మీలు తిరిగి ఇచ్చేదాకా వెయ్యి డిపాజిట్. మొదట్లో అమర్చినందుకు విడిగా డబ్బు అడగడానికి మొహమాటపడ్డాను. కానీ ఆ రోజు సాయంత్రం ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా నేనక్కడే ఉన్నాను, వేరే ఆర్డర్ తీసుకోలేదు. ఆ సమయానికి ధర వేయకపోతే త్వరగా పెట్టేసి వచ్చేద్దామనిపిస్తుంది. అలా వచ్చేస్తే చూసుకునేవాళ్లు ఉండరు.

ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా ఫ్లేవర్ సంగతి తర్వాత. హాలు ఎక్కడ, లాన్‌లోనా లోపలా, ఏసీ గది ఒకటి నాకు ఇవ్వగలరా, కేటరర్ ఎవరు, ఫొటోగ్రాఫర్ నంబరు ఏమిటి, ఇవే ముందు అడుగుతాను. కొంతమంది విసుక్కుంటారు, "కేక్ అడిగితే పెళ్లంతా అడుగుతున్నారేంటండీ" అంటారు. వానాకాలం పెళ్లిళ్లకి మాత్రం నాకు ఇంకా పూర్తిగా కుదరలేదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మా వైపు గాలిలో తేమ ఎంతుంటుందంటే, ఆరిన ఫాండెంట్ కూడా రెండో రోజుకి మళ్లీ జిగటవుతుంది. ప్రస్తుతానికి ఆ నెలల్లో డమ్మీలకి కూడా వైట్ గనాషే పూస్తున్నాను, ఫాండెంట్ పువ్వులు మాత్రం హాల్లో చివరి గంటలో అతికిస్తాను.